ఉగాది వడ్డన: 21 శనివారం నా మధ్యాహ్నం షిఫ్టు మార్పు గురించి

శ్రావణి:
కిరణ్ అన్నా, 21న మధ్యాహ్నం 12 నుంచి 3 దాకా వడ్డన కౌంటర్లో నాకున్న షిఫ్టును మీ సాయంత్రం 5 నుంచి 8 షిఫ్టుతో మార్చుకోవడం మీకు వీలవుతుందా? కేర్ హోమ్ కొత్త రోటాలో ఆ రోజు ఉదయం 7 నుంచి రెండున్నర దాకా నాకు డ్యూటీ వేశారు. నాలుగింటికల్లా హాలుకి వచ్చేస్తాను, మీ సాయంత్రం పని పూర్తిగా చేస్తాను. కుదరకపోతే మొహమాటం లేకుండా చెప్పండి, వేరే ఎవరినైనా అడుగుతాను. బుధవారం రాత్రిలోపు చెబితే చాలు.

విజయలక్ష్మి గారూ, ఈ మాట మీకు ఇంకొకరి ద్వారా తెలియకూడదని ఇక్కడే రాస్తున్నాను. కిరణ్ అన్న ఇంకా ఒప్పుకోలేదు. ఆయన ఒప్పుకున్నా మీరు సరే అనేదాకా షీట్‌లో నా పేరే ఉండనివ్వండి, ఆ షిఫ్టు బాధ్యత నాదే. పులిహోర గిన్నెల వేడి చూడడం, అలర్జీల పట్టిక నా దగ్గరున్నాయి కాబట్టి, మారితే అవి కూడా అన్నకి అప్పగిస్తాను.

మురళి:
అమ్మా శ్రావణీ, ఇంత పెద్ద మెసేజ్ ఎందుకు? మీరిద్దరూ ఫోన్లో మాట్లాడేసుకుని, అయ్యాక విజయలక్ష్మి గారికి ఒక్క మాట చెబితే సరిపోయేది. జీతం తీసుకునే ఉద్యోగం కాదు కదా ఇది. వడ్డించడానికి ఎవరైనా పనికొస్తారు, అవసరమైతే నేను నిలబడతాను.

సునీత:
అయ్యో శ్రావణి రావట్లేదా? మరి ముగ్గుల పోటీ ఎవరు చూస్తారు? పిల్లల తల్లులకి అప్పుడే చెప్పేశాను.

శ్రావణి:
వస్తున్నానండీ సునీత గారూ. ముగ్గుల పోటీ నాలుగున్నరకి కదా, అందులో మార్పేమీ లేదు. మధ్యాహ్నం వడ్డన ఒక్కటే మార్చమంటున్నాను.

సుజాత:
మురళి గారు ముందు ఫోన్ చెయ్యమనడం నాకూ నచ్చింది. పదిమంది చూస్తుండగా అడిగితే కాదనడానికి కిరణ్ ఇబ్బంది పడొచ్చు. కానీ "అయ్యాక చెబుదాం" అన్నదానికి మాత్రం నేను ఒప్పుకోను. ఆసుపత్రిలో మా వార్డు రోటాలు నేనే వేస్తాను, మాకు ఎక్కువగా తేడా వచ్చేది అక్కడే. ఇద్దరు కారిడార్లో అనుకుంటారు, ఒకరు రేపటి సంగతి అనుకుంటారు, ఇంకొకరు ఎల్లుండి అనుకుంటారు. షీట్‌లో పాత పేరే ఉంటుంది. చివరికి ఆ షిఫ్టుకి ఎవరూ రారు, వార్డు ఇన్‌ఛార్జ్‌కి అసలు సంగతే తెలియదు.

శ్రావణి రాసినదాంట్లో బాగున్నది ఏమిటంటే, ఇద్దరికీ రెండు వేరు మాటలు చెప్పింది. కిరణ్‌ని అడిగింది, కాదనే దారి వదిలింది. విజయలక్ష్మి గారికి తెలియజేసింది, నిర్ణయం ఆవిడ చేతిలోనే ఉంచింది. ఈ రెండూ కలిపేసి "కిరణ్ అన్న చేస్తారు, మీకు తెలియజేస్తున్నాను" అని రాసి ఉంటే అటు కిరణ్‌నీ ఇరికించినట్టు, ఇటు ఆవిడనీ పక్కన పెట్టినట్టు అయ్యేది. మర్యాద కోసం ఎన్ని "దయచేసి"లు పెట్టినా ఆ లోటు పూడదు.

ఒక్కటి చేర్చమ్మా: బుధవారానికి ఎవరూ దొరకకపోతే ఏం చేస్తావు? ఇన్‌ఛార్జ్‌గా నేను ముందు వెతికేది ఆ జవాబు కోసమే.

శ్రావణి:
అవునక్కా. ఎవరూ దొరకకపోతే కేర్ హోమ్‌లోనే తోటి అమ్మాయిని ఆదివారం షిఫ్టుతో మార్చుకోమని అడుగుతాను. మార్చుకుంటే అదే వారంలో మార్చుకోవాలి. స్టూడెంట్ వీసా మీద క్లాసులున్న రోజుల్లో వారానికి 20 గంటలే కదా, ఆ వారం సోమవారం నుంచి ఆదివారం దాకా లెక్క. శనివారం డ్యూటీ తర్వాతి సోమవారానికి జరిగితే ఈ వారం ఖాళీ అయి వచ్చే వారం 20 దాటిపోతుంది. మా మేనేజర్ అది ఒప్పుకోరు, నేనూ అడగను.

రాజు:
మార్పుల మాట వచ్చింది కాబట్టి, నా పార్కింగ్ షిఫ్టు కూడా ఎవరైనా తీసుకుంటారా? మా అత్తమామలు ఆ మధ్యాహ్నమే బర్మింగ్‌హామ్ ఎయిర్‌పోర్టులో దిగుతున్నారు.

విజయలక్ష్మి:
రాజు గారూ, మీది విడిగా రాయండి, ఏ గంట నుంచి ఏ గంట దాకానో చెప్పండి. ఇక్కడే కలిపితే రెండూ గందరగోళం అవుతాయి.

కిరణ్:
శ్రావణీ, సాయంత్రం నువ్వు తీసుకుంటే నాకు సంతోషమే. కానీ మా పాప కూచిపూడి అంశం ఒంటిగంటకి ఉంది. మేకప్, నగలు అన్నీ ఉంటాయి, ఒకటిన్నర దాకా నేను కౌంటర్‌కి రాలేను. ఒకటిన్నర నుంచి 3 వరకు తప్పకుండా నిలబడతాను.

మురళి:
ఒకటిన్నర దాకా నేను చూసుకుంటాను అని చెప్పాను కదా. అయిపోయింది.

విజయలక్ష్మి:
మురళి గారూ, మీరు వడ్డనకి వస్తానన్నందుకు చాలా సంతోషం, రండి. కానీ శ్రావణిది వడ్డన మాత్రమే కాదు, ఆ పూట కౌంటర్ బాధ్యత కూడా. వేడి పదార్థం 63 డిగ్రీల కింద పడకుండా అరగంటకోసారి థర్మామీటర్ పెట్టి రాసుకోవాలి. కిందికి పడితే రెండు గంటలలోపు ఒక్కసారికి మాత్రమే అలా వడ్డించవచ్చు, ఆ తర్వాత మళ్లీ బాగా వేడి చెయ్యాలి లేదా పారేయాలి. ఎప్పుడు పడిందో రాసి లేకపోతే సాయంత్రం వచ్చినవాళ్లకి ఏ గిన్నె మంచిదో తెలియదు.

అలర్జీ సంగతి ఇంకా ముఖ్యం. ఇక్కడ యూకే చట్టం చెప్పే 14 అలర్జీ పదార్థాల్లో ఆవాలూ ఉన్నాయి, నువ్వులూ ఉన్నాయి. మన తాలింపు లేని వంట ఏది? పులిహోరలో పల్లీలు, పరమాన్నంలో పాలు, జీడిపప్పు. చాలా ఇంగువ పొడుల్లో గోధుమపిండి కలుపుతారు, అది డబ్బా చూస్తేనే తెలుస్తుంది. ఎవరైనా వచ్చి "మా బాబుకి గోధుమ పడదు, ఇది పెట్టొచ్చా" అని అడిగితే, పట్టిక చూసి చెప్పగలిగినవాళ్లు అక్కడ ఉండాలి. సర్టిఫికెట్ ఉండాలని చట్టం పట్టుబట్టదు, కానీ ఆ పనికి తగ్గ శిక్షణ ఉండాలంటుంది. శ్రావణికీ, కిరణ్‌కీ ఫుడ్ హైజీన్ లెవెల్ 2 శిక్షణ ఉంది.

12 నుంచి ఒంటిగంట దాకా నేనే ఉంటాను. ఒంటిగంట తర్వాత నేను వేదిక దగ్గర ఉండాలి. కాబట్టి ఆ అరగంట ఇంకా ఖాళీ.

సుజాత:
ఆ అరగంట నేను చూడగలనేమో. మా అబ్బాయి పద్యం ఎప్పుడో కార్యక్రమం పట్టిక వస్తే కానీ చెప్పలేను.

శ్రావణి:
అందరికీ థాంక్స్. ఇప్పటి దాకా అనుకున్నది ఒకచోట రాస్తున్నాను.

కిరణ్ అన్నా: మీరు 21న ఒకటిన్నర నుంచి 3, నేను 5 నుంచి 8. ఇదే కదా? "అవును" అని ఇక్కడే రాయండి. థర్మామీటర్, పట్టిక శుక్రవారం సాయంత్రం మీ ఇంట్లో ఇస్తాను.

విజయలక్ష్మి గారూ: 12 నుంచి 1 మీరు, 1 నుంచి ఒకటిన్నరకి ఇంకా ఎవరూ లేరు. అది నిండేదాకా నా పేరు తీయకండి. సుజాత అక్కకి కుదరకపోతే 15వ తేదీ ఆదివారంలోపు మా కేర్ హోమ్‌లో అడిగి మీకు చెబుతాను. మీరు ఒప్పుకుంటే షీట్ మార్చగలరా?

కిరణ్:
అవును, ఒకటిన్నర నుంచి 3 నాది.

విజయలక్ష్మి:
సరే అమ్మా. కిరణ్ భాగం, నీ సాయంత్రం షీట్‌లో మార్చాను. మధ్యలో అరగంట మీద ఇంకా నీ పేరే ఉంది. కార్యక్రమం పట్టిక గురువారం పంపిస్తాను, సుజాత గారు అది చూసి చెబుతారు. మురళి గారూ, శనివారం 14న వంటశాల రిహార్సల్‌కి రండి, పట్టిక ఎలా చూడాలో శ్రావణి చూపిస్తుంది.

మురళి:
వస్తాను. ఎన్నింటికి?