“vastara”లో ఉన్నది ఏ “రా”?

శ్రీవల్లి: వారం రోజులుగా మా ఇంట్లో నలుగుతున్న రెండు ముక్కలివి. మొదటిది మా తమ్ముడు మేనమామకు పంపింది, రెండోది ఆయన జవాబు.

```
mavayya repu vastara
sare ra
```

మర్నాడు ఎవరూ ఎవరింటికీ వెళ్లలేదు. “వస్తారా అని అడిగాను, సరేరా అన్నాడు” అంటాడు తమ్ముడు. “వస్తా రా అన్నాడు, సరే, రా అన్నాను” అంటాడు మామయ్య. స్క్రీన్‌షాట్ చూసిన అత్తయ్య “మేనమామను పట్టుకుని రా అంటాడా” అని వాడితో మాటలు మానేసింది. వాడు ఇప్పుడు అర్థం మారుస్తున్నాడని ఆమె అనుమానం. వేమన మకుటంలోని “ర” అమర్యాద కాదని బడిలో మాస్టారు ఏదో కారణం చెప్పారు. అది సగమే గుర్తుంది. ఆ ర, ఈ రా ఒకటేనా?

రామ్మోహన్: ఒకటే. “వినరా వేమ” అని కవి తనను తానే పిలుచుకుంటున్నాడు, అక్కడ మర్యాద మాట ఎందుకు వస్తుంది? మీ ఇంటి తగవుకు కారణం దీర్ఘాలు చూపని రాత. 1990లలో అమెరికాలోని తెలుగువాళ్లు తెలుగును ఇంగ్లీషు అక్షరాల్లో, దీర్ఘానికి aa పెట్టి రాయడానికి వాడిన రైస్ పద్ధతిలో రాసి ఉంటే ఈ గొడవే లేదు.

భాస్కర శర్మ: రామ్మోహన్ గారూ, “వినరా” అంటే ఆటవెలది కుంటుతుంది. ఆ పాదంలో అయిదూ సూర్యగణాలే రావాలి. విశ్వ, దాభి, రామ, వినుర, వేమ. నాలుగోది నగణం. దీర్ఘం పెడితే సగణమై కూర్చుంటుంది. అందుకే అక్కడ ర పొట్టిది.

రైస్ పద్ధతి సంగతీ చూద్దాం. అందులో ఒకటి vastaaraa, ఇంకొకటి vastaa raa. దీర్ఘాలు రెండింటిలోనూ అవే, తేడా మధ్యలో ఖాళీ ఒక్కటే. ఆ ఖాళీని తెలుగు లిపిలోనూ ఎవరూ పాటించరు, “వస్తారా” అని కలిపే రాస్తారు. నోటితో అంటే ప్రశ్నకు చివర గొంతు లేస్తుంది. ఇక్కడ ప్రశ్నార్థకం కూడా పెట్టలేదు కాబట్టి ఆ ఆనవాలూ పోయింది. తప్పు ఇంగ్లీషు అక్షరాలది కాదు.

ఖాజా: మా ఆఫీసులోనూ ఇదే జరిగింది. పదవీ విరమణ చేస్తున్న పెద్దాయన పేరు పక్కన garu అనబోయి gadu అని పంపాను. కీబోర్డు మీద r కిందనే d ఉంటుంది. వెంటనే తుడిచేశాను, కానీ అప్పటికే ఎవరో స్క్రీన్‌షాట్ తీశారు. నేను స్వయంగా వెళ్లి చెప్పేదాకా ఆయన ముఖం చూడలేకపోయాను.

విజయలక్ష్మి: ఖాజా గారూ, మీది వేలు జారిన తప్పు. వీళ్ల తమ్ముడు ఒక్క అక్షరం కూడా తప్పు కొట్టలేదు, అదే చిక్కు. పైగా “sare ra” రెండు అర్థాలకూ అతుకుతోంది కాబట్టి జవాబును బట్టి తేల్చలేం.

శ్రీవల్లి గారూ, తమ్ముడి పాత సందేశాలు చూడండి. “నేను వస్తాను” అనడానికి అతను vasta అని రాస్తాడా, vastanu అని రాస్తాడా? మామయ్యను మీరు అంటాడా, నువ్వు అంటాడా? కరీంనగర్‌లో మా ఇంట్లో మేనమామను నువ్వనే అంటాం. దానితో గౌరవం తగ్గదు. కానీ “రా” మాత్రం ఎవరమూ అనం.

శ్రీవల్లి: మామయ్య ఫోను తీసుకుని చూశాను. పోయిన నెలలో “nenu 6 ki vastanu” అని రెండుసార్లు ఉంది, vasta అని ఎక్కడా లేదు. ఇంకోచోట “mavayya nuvvu eppudu vastav” అని ఉంది. రా అని ఆయనను ఎప్పుడూ అనలేదు.

భాస్కర శర్మ: అయితే ప్రశ్నే. “ను” వదలనివాడు ఈ ఒక్కసారి “వస్తా” అన్నాడనుకోవడం కష్టం.

రామ్మోహన్: ప్రశ్నే అయితే, నువ్వు అనేవాడు “వస్తావా” అనాలి, vastava అని ఉండాలి. హఠాత్తుగా మీరు ఎందుకు అయ్యాడు?

విజయలక్ష్మి: “మీరు” మర్యాదకే కాదు, ఇద్దరికీ వస్తుంది. మామయ్యనూ అత్తయ్యనూ కలిపి రమ్మని ఉంటాడు.

శ్రీవల్లి: ఆ రోజు మా ఇంట్లో అమ్మ గారెలు చేసింది. అత్తయ్యకు గారెలంటే ఇష్టం. తమ్ముణ్ని అడుగుతాను, కానీ ఇప్పుడు వాడేమి చెప్పినా ఆమె నమ్ముతుందో లేదో.

రామ్మోహన్: ఇద్దరినీ పిలిచేవాడు “అత్తయ్యా మీరూ” అనేవాడు. నాకు నమ్మకం కుదరడం లేదు. శర్మ గారూ, దీర్ఘం సంగతి ఒప్పుకున్నాను. కానీ “వినర వేమ” అన్నా మూడు లఘువులే కదా? మా తాతగారు అలాగే చదివేవారు.

భాస్కర శర్మ: గణం సరిపోతుంది, కాదనను. కానీ “విను” మీద ర చేరితే “వినుర”. ఉకారం ఎందుకు పోవాలి?

రామ్మోహన్: “చదువు” మీద రా చేరినప్పుడు “చదవరా” అనడం లేదా? అక్కడ ఎందుకు పోయిందో అందుకే.