741 తీసి టీఎల్071 పెడితే డ్రిఫ్ట్ తగ్గింది: తప్పు ఆఫ్‌సెట్‌దా, బయాస్ కరెంట్‌దా?

శీను_ల్యాబ్: సెర్చ్ కాయిల్‌తో ఫ్లక్స్ కొలవడానికి ఇంటిగ్రేటర్ కట్టాను. R 1 మెగాఓమ్, C 10 నానోఫారడ్, సప్లై ±15 వోల్టులు. ఇన్‌పుట్‌ని గ్రౌండ్ చేసినా 741 అవుట్‌పుట్ రెండు సెకన్లలోపే +13 దగ్గరికి వెళ్లి కూర్చుంటోంది. టీఎల్071 పెడితే అక్కడికి చేరడానికి దాదాపు 40 సెకన్లు పడుతోంది. కానీ డేటాషీట్ ప్రకారం టీఎల్071 ఆఫ్‌సెటే ఎక్కువ! మా సీనియర్ మాత్రం "ఆఫ్‌సెట్ పాట్ తిప్పు, సరిపోతుంది" అంటున్నారు. నిజమేనా?

పాతరేడియో: సీనియర్ చెప్పింది కరెక్టే. 741కి 1, 5 పిన్నుల మధ్య 10కె పాట్ పెట్టి, మధ్య కాలు −15కి కలపండి. ఆఫ్‌సెట్ సున్నా అయితే ఇంటిగ్రేట్ అవడానికి ఇంకేం మిగులుతుంది?

లక్ష్మి_మెజర్‌మెంట్స్: బయాస్ కరెంట్ మిగులుతుందండీ. శీను గారి సర్క్యూట్‌లో అసలు దొంగ అదే.

`dVo/dt = Vos/(R·C) + Ib/C` (గుర్తులను బట్టి రెండూ కలుస్తాయి, లేదా ఒకదాన్నొకటి తగ్గిస్తాయి)

RC 10 మిల్లీసెకన్లు. 741 ఆఫ్‌సెట్ 2 మిల్లీవోల్టులనుకుంటే సెకనుకు 0.2 వోల్టు. బయాస్ 80 నానోఆంప్‌లనుకుంటే, దాన్ని 10 నానోఫారడ్‌తో భాగిస్తే సెకనుకు 8 వోల్టులు. మీ రెండు సెకన్లకు లెక్క సరిపోయిందా? టీఎల్071కి ఆఫ్‌సెట్ 3 మిల్లీవోల్టులైతే 0.3 వోల్టు, బయాస్ 65 పికోఆంప్‌లైతే 6.5 మిల్లీవోల్టులు మాత్రమే. అందుకే 40 సెకన్లు. మొదటిదాంట్లో బయాస్ దోషి, రెండోదాంట్లో ఆఫ్‌సెట్ దోషి.

ఇక పాట్ సంగతి. 80 నానోఆంప్‌లు 1 మెగాఓమ్‌లో పారితే 80 మిల్లీవోల్టులు. 741 పాట్ సర్దగలిగేది మామూలుగా ±15 మిల్లీవోల్టులు. ఎంత తిప్పినా అందదు.

కంట్రోల్_రమేష్: మా ఫర్నేస్‌లో పీఐ కంట్రోలర్ కూడా ఆప్-ఆంప్ ఇంటిగ్రేటరే. ఏళ్లుగా నడుస్తోంది, డ్రిఫ్ట్ అన్న మాటే లేదు. మీ బోర్డులోనే ఏదో తేడా ఉంది.

లక్ష్మి_మెజర్‌మెంట్స్: రమేష్ గారూ, మీది లూప్‌లో ఉంది. అవుట్‌పుట్ కాస్త జరిగితే ఫర్నేసే ఉష్ణోగ్రత మార్చి దాన్ని వెనక్కి లాగుతుంది. మీ ఆఫ్‌సెట్ అక్కడ చిన్న శాశ్వత ఎర్రర్‌గా దాక్కుని ఉంటుంది. శీను గారి ఇంటిగ్రేటర్‌ని వెనక్కి లాగేవాళ్లు ఎవరూ లేరు.

పాతరేడియో: సరే, పాట్ వద్దు. ప్లస్ పిన్ నుంచి గ్రౌండ్‌కి ఇంకో 1 మెగాఓమ్ పెడితే రెండు బయాస్‌లూ కొట్టేసుకుంటాయిగా.

లక్ష్మి_మెజర్‌మెంట్స్: సగం నిజం. 741లో రెండు బయాస్‌లూ సమానం కావు, తేడా 20 నానోఆంప్‌ల దాకా మామూలే. అంటే సెకనుకు ఇంకా 2 వోల్టులు. టీఎల్071కి ఆ రెసిస్టర్ వల్ల ప్రయోజనం లేదు, నాయిస్ తప్ప.

శీను గారూ, నా లెక్కని నమ్మక్కర్లేదు. R కాలుని మైనస్ పిన్ దగ్గరే ఊడదీయండి, కెపాసిటర్‌ని షార్ట్ చేసి వదలండి. R లేకపోతే ఆఫ్‌సెట్ ఇంటిగ్రేట్ అవ్వదు. ఇంకా ఎక్కుతోందంటే అది బయాస్, లేదా బోర్డు లీకేజీ.

శీను_ల్యాబ్: చేశాను. 741 దాదాపు అదే వేగంతో ఎక్కింది. వేరే 741 పెట్టినా ప్లస్ వైపే పోయింది. టీఎల్071 మాత్రం కదలడం లేదన్నంత నెమ్మదిగా ఉంది.

లక్ష్మి_మెజర్‌మెంట్స్: 741 ఇన్‌పుట్‌లో ఎన్‌పీఎన్ ట్రాన్సిస్టర్లు. కరెంట్ ఎప్పుడూ పిన్ లోపలికే పోతుంది కాబట్టి ఎన్ని మార్చినా ప్లస్ వైపే. ఆఫ్‌సెట్‌కి అలాంటి పట్టింపు లేదు, ఒక్కో చిప్‌లో ఒక్కో వైపు.

వానాకాలం_సోల్డర్: లీకేజీని తేలిగ్గా తీసుకోకండి. మా బోర్డులో టీఎల్071 వానలు పడ్డాక పిచ్చిగా జరిగేది. −15 ట్రాక్‌కీ మైనస్ పిన్‌కీ మధ్య సోల్డర్ ఫ్లక్స్ మరక మిగిలింది. ఆల్కహాల్‌తో కడిగాక తగ్గింది. 10 గిగాఓమ్‌లు లీకైనా 1.5 నానోఆంప్, అంటే ఈ C మీద సెకనుకు 0.15 వోల్టు. చిప్ బయాస్ దాని ముందు ఏపాటి?

కంట్రోల్_రమేష్: అయితే కెపాసిటర్‌కి అడ్డంగా 10 మెగాఓమ్ పెట్టేస్తే గొడవ ఉండదుగా?

శీను_ల్యాబ్: పెట్టి చూశానండీ. సాచురేట్ కావడం ఆగింది కానీ, అయస్కాంతాన్ని కాయిల్‌లోంచి తీసి పక్కన పెట్టేలోపు రీడింగ్ కరిగిపోతోంది.

లక్ష్మి_మెజర్‌మెంట్స్: 10 మెగాఓమ్, 10 నానోఫారడ్ అంటే టైమ్ కాన్‌స్టెంట్ 0.1 సెకను. కరగక ఏం చేస్తుంది? R 10కె, C 1 మైక్రోఫారడ్ ఫిల్మ్ పెట్టండి. RC అదే, లీకేజీ వాటా నూరో వంతు అవుతుంది. టీఎల్071 ఆఫ్‌సెట్‌ని పాట్‌తో తగ్గించి, ప్రతి కొలతకీ ముందు రీసెట్ చేయండి.

పాతరేడియో: 10కె పెడితే కాయిల్ రెసిస్టెన్స్ దానికి కలిసి గెయిన్ మారిపోదా? పైగా పొద్దున తిప్పిన పాట్ మధ్యాహ్నానికి పనికిరాదు. డిగ్రీకి 18 మైక్రోవోల్టులు మారితే, 10 డిగ్రీలకి సెకనుకు 18 మిల్లీవోల్టులు. 1 మెగాఓమ్ ఉంచి ఆటో-జీరో చిప్ కొనమనండి.

లక్ష్మి_మెజర్‌మెంట్స్: కాయిల్ 200 ఓమ్‌లైతే 2 శాతం, క్యాలిబ్రేషన్‌లో కలిపేయవచ్చు. కానీ రాగి వేడెక్కితే రెసిస్టెన్స్ మారుతుంది, అది ఒప్పుకుంటాను. ఆటో-జీరో చిప్ స్విచింగ్ కరెంట్ 1 మెగాఓమ్ మీద ఏం చేస్తుందో కూడా చూసుకోవాలి. శీను గారూ, మీ కాయిల్ ఎన్ని ఓమ్‌లు? ఒక్కో కొలతకి ఎన్ని సెకన్లు కావాలి?

శీను_ల్యాబ్: కాయిల్ 350 ఓమ్‌లు, కొలతకి 5 సెకన్లు చాలు. ముందు బోర్డు కడిగి, 10కెతో చూస్తాను.