ఎఫ్‌ఎంజీఈ: పేపర్ ఎలా వచ్చినా 150 దగ్గరే గీత గీయడం న్యాయమేనా?

తెనాలి_స్టెత్: విదేశాల్లో ఎంబీబీఎస్ చేసి వచ్చినవాళ్లు ఇక్కడ డాక్టరుగా పనిచేయాలంటే రాయాల్సిన ఈ పరీక్షలో 300కి 150 వస్తేనే పాస్. 2022 డిసెంబరులో ముప్పై శాతం దాకా గట్టెక్కారు, 2023 జూన్‌లో దాదాపు పది శాతమే. ఆర్నెల్లలో పిల్లలు అంత మొద్దులైపోయారా, పేపర్ మారిందా? పేపర్ మారితే గీత మారొద్దా?

రవి_వరంగల్: పర్సంటైల్ పెడితే గొడవే ఉండదు. పేపర్ కష్టమైతే అందరికీ కష్టమే కదా. పైనున్న ముప్పై శాతం పాస్ అంటే సరిపోతుంది. నీట్ పీజీలో అదే చేస్తున్నారు.

కాకినాడ_అమ్మ: మా వాడు కిర్గిజ్‌స్థాన్‌లో చదివాడండీ. 147 వచ్చాయి. ఆ మూడు మార్కులకే ఆర్నెల్లు ఇంట్లో కూర్చున్నాడు. ఇంటర్‌లో 35 వస్తే పాస్ అంటారు, ఇక్కడ గ్రేస్ మార్కులు కూడా లేవా?

ప్రశ్నల_బ్యాంకు: రవిగారూ, పేపర్ కష్టం అందరికీ ఒకటేనన్న మాట నిజమే. కానీ నీట్ పీజీ సీట్లు పంచే పరీక్ష. అందుకే 2023లో కటాఫ్‌ను సున్నా పర్సంటైల్‌కు దించగలిగారు. రాసినవాళ్లంతా అప్పటికే ఎంబీబీఎస్ పాసైనవాళ్లు. ఎఫ్‌ఎంజీఈ ఇచ్చేది రోగిని ముట్టుకునే హక్కు. అక్కడ పర్సంటైల్ పెడితే మీ పాస్ పక్కవాడి చదువు మీద ఆధారపడుతుంది. ఆ విడత బాగా చదివినవాళ్లు ఎక్కువైతే పనికొచ్చే డాక్టరూ ఫెయిలవుతాడు, తక్కువైతే పనికిరానివాడూ పాసవుతాడు.

ఇలాంటి పరీక్షల్లో పాస్ గీత ఎక్కడ గీయాలో తేల్చడానికి చాలా దేశాల్లో వాడేది యాంగాఫ్ పద్ధతి. పదిమంది డాక్టర్లను కూర్చోబెట్టి, పాస్ గీత మీదే నిలబడ్డ అభ్యర్థులు వందమంది ఈ ప్రశ్న రాస్తే ఎంతమందికి సరైన జవాబు వస్తుందని ఒక్కో ప్రశ్నకూ అడుగుతారు. షుగర్ ముదిరి కీటోఅసిడోసిస్‌తో వచ్చినవాడికి ముందు ఏం ఎక్కించాలి అంటే, సెలైన్ అని 85 మంది చెప్పాలంటారు. అరుదైన జన్యు జబ్బులో లోపించే ఎంజైమ్ గురించి అడిగితే 30 అంటారు. నాలుగు ఆప్షన్లలో గుడ్డిగా పెట్టినా 25 మందికి తగులుతుంది కాబట్టి అంతకంటే దిగడం కుదరదు. మొదటి రౌండ్ అంకెల మీద వాదించుకుని, వీలైతే ఆ ప్రశ్నకు నిజంగా ఎంతమంది సరిగ్గా రాశారో చూసి, రెండో రౌండ్‌లో సరిదిద్దుకుంటారు. అన్ని ప్రశ్నల సగటు 54 శాతం అయితే గీత 162. కష్టమైన పేపర్‌లో 47 అయితే 141. 150 రెండు పేపర్లకూ సరిపడదు.

ఇంకో మాట. నెగెటివ్ మార్కులు లేవు. వంద ప్రశ్నలకు నిజంగా తెలిసి, మిగతా రెండు వందలు గుడ్డిగా పెట్టినవాడికి సగటున మరో యాభై వస్తాయి. మొత్తం 150! సగం తెలిస్తే పాస్ అని మనం అనుకుంటున్న గీత నిజానికి మూడో వంతు తెలిసినవాడి దగ్గర ఉంది.

సర్జన్_విశాఖ: అలాంటి ప్యానెల్‌లో నేనూ కూర్చున్నాను. ఒకే ప్రశ్నకు ఒకరు 80 అంటే ఇంకొకరు 35 అన్నారు. గీత మీద నిలబడ్డ అభ్యర్థి అంటే ఒక్కొక్కరి తలలో ఒక్కో మనిషి. గట్టిగా మాట్లాడే ప్రొఫెసర్ వైపు మిగతావాళ్లు జరిగారు. పైగా పరీక్ష అయ్యాక కమిటీ గీత ప్రకటిస్తే మన దగ్గర ఎవరు నమ్ముతారు? కోర్టుకెళ్తారు. 150 మొరటు గీతే, కానీ ఫీజు కట్టేముందే అందరికీ తెలుసు. దానికి నేను విలువిస్తాను.

ప్రశ్నల_బ్యాంకు: ఆ అభ్యంతరంలో బలముంది డాక్టర్‌గారూ. అంచనాలు అంతగా చెదిరితే ఆ ప్యానెల్ గీతను నేనూ ఒప్పుకోను. కానీ అంకె ముందే చెప్పి కూడా న్యాయంగా ఉండొచ్చు. అమెరికాలో డాక్టర్ల లైసెన్స్ పరీక్ష యూఎస్‌ఎమ్‌ఎల్‌ఈలో స్టెప్ 1కి 2022 నుంచి పాస్ గీత 196. అది సరైన జవాబుల లెక్క కాదు, పేపర్ కష్టం సరిచేశాక వచ్చే స్కేలు మీది అంకె. పాత పేపర్లోని కొన్ని ప్రశ్నలను కొత్తదాంట్లో కలిపి, వాటి మీద రెండు బ్యాచ్‌లు ఎలా చేశాయో పోలిస్తే, తేడా పేపర్‌దా పిల్లలదా తెలుస్తుంది. తెనాలిగారు అడిగిన పది, ముప్పై శాతాలకు జవాబు అలాగే దొరుకుతుంది. శాతాలు మాత్రమే చూసి నేను ఏదీ చెప్పలేను.

కాకినాడ అమ్మగారూ, మీవాడు అంతే కష్టమైన ఇంకో పేపర్ రాస్తే ఎనిమిది మార్కుల దాకా అటో ఇటో ఊగడం మామూలే. 147కీ 150కీ చదువులో తేడా ఉందని ఎవరూ నిరూపించలేరు. అయితే గీత 147కు దించితే 144 వచ్చిన ఇంట్లో ఇదే బాధ. ఇంటర్ 35 సబ్జెక్టు పాస్ మాత్రమే, దాంతో ఎవరూ మందులు రాయరు.

కాకినాడ_అమ్మ: అర్థమైందండీ. మళ్లీ రాస్తున్నాడు. కానీ ఈసారి పేపర్ కష్టంగా వస్తే ఆ ఎనిమిదికి తోడు, మీరన్న 141కీ 150కీ మధ్య తొమ్మిది కూడా పోతాయి కదా? దానికి మావాడేం చేయాలి?

సర్జన్_విశాఖ: అమ్మా, మీ ప్రశ్నతో గీత సరిచేయాలనే ఒప్పుకోవాల్సి వస్తోంది. కానీ పాత ప్రశ్నలు కలపడం ఇక్కడ ఎలా సాగుతుంది? పరీక్ష అయిన సాయంత్రానికే గుర్తున్న ప్రశ్నలు టెలిగ్రామ్ గ్రూపుల్లోకి వస్తున్నాయి. ఆర్నెల్ల తర్వాత అవే ప్రశ్నలు పెడితే బ్యాచ్ బాగా చదివిందా, బట్టీ పట్టిందా? బ్యాంకుగారూ, దీనికి దారి చూపిస్తే నేను పూర్తిగా మీ వైపే.