సేఫ్టీ వాల్వ్ రెండుసార్లు మార్చినా కారుతూనే ఉంది, ఎవరైనా చెప్పండి

మణికొండ పీజీ: పొద్దున్నుంచీ దీనితోనే పరేషాన్. పైన 500 లీటర్ల వేడినీళ్ల ట్యాంకు, హీట్ పంపు. రాత్రి వేడెక్కినప్పుడల్లా సేఫ్టీ వాల్వ్ లోంచి నీళ్లు కారి, తెల్లారేసరికి డబ్బాలో అర లీటరు దాకా ఉంటున్నాయి. వాల్వ్ రెండుసార్లు మార్చాను. పక్కనున్న ఎర్ర ఎక్స్‌పాన్షన్ ట్యాంకు 24 లీటర్లది, దాని గాలి కూడా చూశాను, 44 పీఎస్ఐ, బాగానే ఉంది. ఇంకేం మిగిలింది?

కూకట్‌పల్లి లక్ష్మి: మీది బోరు నీళ్లా? మా అపార్ట్‌మెంట్‌లో వాల్వ్ సీటు మీద సున్నం పేరుకుని ఇలాగే కారేది. సాఫ్ట్‌నర్ పెట్టించండి. ఈ ఊళ్లో బోరు నీళ్లతో ఏ వాల్వూ ఏడాది నిలవదు. అసలు బిల్డర్లకి ఈ పట్టింపే లేదు, మా టెర్రస్ పైపుల సంగతి చెప్తే...

మణికొండ పీజీ: మేడం, వాల్వ్ కొత్తది. పెట్టి రెండు రోజులే అయింది.

బైక్ మెకానిక్: ప్లగ్ కొట్టెయ్, అయిపోతది.

పాత ఫిట్టర్: కొట్టకు తమ్ముడూ. ఆ ట్యాంకుకు అదొక్కటే రక్షణ, థర్మోస్టాట్ అంటుకుపోతే ట్యాంకు పేలుతుంది.
పీజీ గారూ, మూడు సంగతులు చెప్పలేదు. ఆ ట్యాంకుకు చల్లనీళ్లు దేని ద్వారా వస్తున్నాయి, వాల్వ్ ఎంత బార్‌ది, ఎన్ని డిగ్రీలకు సెట్ చేశారు?

మణికొండ పీజీ: చెప్పాననుకున్నా సార్. ప్రెషర్ పంపు, 3 బార్‌కి కట్ అవుతుంది. తర్వాత నీరు వెనక్కి పోనివ్వని ఎన్ఆర్‌వీ ఉంది. వాల్వ్ 6 బార్. 60 డిగ్రీలు.

గచ్చిబౌలి వాడు: పంపు ప్రెషర్ ట్యాంకులో గాలి, కట్-ఇన్ కంటే 0.2 బార్ తక్కువ పెట్టాలి. మీది తప్పు పెట్టారు, అంతే.

పాత ఫిట్టర్: ఆ లెక్క పంపు పక్కనుండే ట్యాంకుది. అది ఎన్ఆర్‌వీకి ముందు ఉంటుంది, వేడెక్కి పెరిగిన నీరు వెనక్కి అక్కడికి పోలేదు. ఈయనది ఎన్ఆర్‌వీ తర్వాతది, దానికి పంపు ఆగేటప్పటి 3 బారే మొదలు.
ఇక ఆ 44 పీఎస్ఐ. పైపులో నీటి ఒత్తిడి ఉండగా కొలిచారు కదూ? 3 బార్ అంటే అదే 44. ట్యాంకు లోపలి రబ్బరు సంచికి అవతల నీరు నెడుతుంటే గాలి కూడా అంతే చూపిస్తుంది. మీరు చూసింది నీటి ఒత్తిడి.
హీటర్ ఆపి, నీరు చల్లారాక చల్లనీళ్ల వాల్వ్ కట్టి, వేడినీళ్ల కొళాయి తెరిచి ఉంచండి. ఒత్తిడి సున్నాకి వచ్చాక టైరు గేజీ పెట్టండి. పిన్ను నొక్కితే నీళ్లొస్తే సంచి చినిగినట్టు, ట్యాంకు మార్చాల్సిందే.

మణికొండ పీజీ: చూశా. 22 పీఎస్ఐ! నీళ్లు రాలేదు.

పాత ఫిట్టర్: అదే, కంపెనీ నుంచి వచ్చిన 1.5 బార్ అలాగే ఉంది. 500 లీటర్లు 25 నుంచి 60 డిగ్రీలకు వెళ్తే దాదాపు 7 లీటర్లు పెరుగుతాయి. గేజీ అంకెకు బయటి గాలి ఒక బార్ కలిపి చూడండి. మీ 24 లీటర్ల గాలి 2.5 నుంచి 4కి నొక్కుకుని చల్లగా ఉన్నప్పుడే 15 లీటర్లయింది, అంటే 9 లీటర్ల చోటు ముందే నీళ్లతో నిండిపోయింది. వాల్వ్ తెరుచుకునే 6 బార్ దాకా ఇంకో 6.4 లీటర్లే పడతాయి. మిగిలింది మీ డబ్బాలో చేరుతోంది.
కొళాయి తెరిచే ఉంచి, పంక్చర్ షాపు పంపుతో 3 బార్ వరకు గాలి కొట్టండి. అప్పుడు వాల్వ్‌కి కాస్త ముందు, 5.4 బార్ దగ్గర ఆపుకున్నా 9 లీటర్లు పడతాయి.

గచ్చిబౌలి వాడు: 3 కాదు, 2.8. ఇక్కడ కూడా 0.2 తక్కువే పెట్టాలి.

పాత ఫిట్టర్: 2.8 పెట్టినా సరే, నేను పంపు గేజీ చూసి సమానంగా పెడతాను. మీతో వాదన ఎందుకులే.

గచ్చిబౌలి వాడు: వాదన కాదండీ, పంపు గేజీలే తప్పు చూపిస్తాయి కాబట్టి చెప్తున్నా.

మణికొండ పీజీ: గాలి కొట్టించా, రాత్రి చుక్క రాలేదు. థాంక్స్ సార్. అన్నట్టు, పైన సోలార్ ప్యానెళ్లు కూడా ఉన్నాయి. సంక్రాంతికి పిల్లలంతా ఊళ్లకు వెళ్తే 80 దాటుతుంది. ఇబ్బంది లేదు కదా?

పాత ఫిట్టర్: ఇది మొదటే చెప్పాల్సింది. 80కి 13 లీటర్లు పెరుగుతాయి, మీ 24 చాలదు. 24లో 9 పట్టిందంటే 0.375 వంతు, పదమూడుని దాంతో భాగిస్తే 35 దగ్గరికొస్తుంది, 50ది తెచ్చుకోండి. ఆ సోలార్ పైపుకు వేరే వాల్వ్ ఉందా?

కూకట్‌పల్లి లక్ష్మి: సోలార్ అయితే సున్నం ఇంకా ఎక్కువ అండీ.