గేట్‌వే సెటిల్‌మెంట్ స్క్రీన్‌షాట్, ఆర్డర్ల స్క్రీన్‌షాట్ కలవడం లేదు, ఒక పేమెంట్ ఏమైందో తెలియట్లేదు

సాయంకాలం_పద్దు
పొద్దున్నుంచీ దీని మీదే కూర్చున్నాను, తెగట్లేదు. 12వ తేదీ ఆర్డర్ల స్క్రీన్‌షాట్‌లో 9 ఆర్డర్లున్నాయి, మొత్తం 12,120. అన్నీ `Paid` అనే ఉన్నాయి. గేట్‌వే సెటిల్‌మెంట్ రిపోర్ట్ స్క్రీన్‌షాట్‌లో 8 వరుసలే ఉన్నాయి. అంటే ఒక పేమెంట్ రాలేదు, అంతే కదా? కానీ బ్యాంకులో పడింది 6,798.76. తేడా 5,321.24. లిస్టులో అన్నిటికంటే పెద్ద ఆర్డరే 3,200. ఒక్క ఆర్డర్ పోతే ఇంత తేడా ఎలా వస్తుంది? ఏ రెండు ఆర్డర్లు కలిపినా 5,321.24 రావట్లేదు. ఎవరైనా చూసి చెప్పండి.

సూటిగా
స్క్రీన్‌షాట్లతో ఈ పని చేయకండి. రెండు చోట్లా సీఎస్‌వీ దింపుకోండి.

సాయంకాలం_పద్దు
నాకు డ్యాష్‌బోర్డ్ లాగిన్ లేదండీ. ఓనర్ గారు ఫోన్‌లో స్క్రీన్‌షాట్ తీసి పంపుతారు. నాకు వచ్చేది అదే.

సూటిగా
ఆ సంగతి మొదటే చెప్పాల్సింది.

ఫార్ములా_మిత్ర
సులువుగా అయిపోతుంది. ఆర్డర్ల మొత్తాలు ఒక షీట్‌లో, సెటిల్‌మెంట్ మొత్తాలు `S` అనే షీట్‌లో టైప్ చేసి VLOOKUP వేయండి. దొరకనివి `#N/A` అని వస్తాయి, అవే మిస్సింగ్.
```
=VLOOKUP(B2,S!B:B,1,FALSE)
```

సాయంకాలం_పద్దు
వేశాను. 1046 (1,500), 1049 (3,200) రెండిటికీ `#N/A` వచ్చింది. ఒకటే అనుకుంటే రెండయ్యాయి. రెండూ కలిపితే 4,700, ఇంకా 621.24 తేలట్లేదు. ఫీజు అంత ఉంటుందా?

కొత్త_దుకాణం
మాకూ ఇదే గొడవ. డెలివరీ అప్పుడు తీసుకున్న నగదు కొరియర్ వాళ్లు పది రోజులకు గానీ పంపరు, పంపినప్పుడు ఏ ఆర్డర్‌దో రాయరు. దీనికి ఏం చేస్తున్నారు మీరంతా?

నిలువు_లెక్క
కొత్త_దుకాణం గారూ, మీది కొరియర్ రెమిటెన్స్ సంగతి, వేరే చర్చ పెట్టండి. కానీ మీ మాటలో ఇక్కడ పనికొచ్చే విషయం ఒకటుంది, దాని దగ్గరికి వస్తాను.

సాయంకాలం_పద్దు గారూ, రెండు స్క్రీన్‌షాట్లలో ఉన్న అంకెలన్నీ ఇక్కడ టైప్ చేయండి. ఆర్డర్లకు సమయం, సెటిల్‌మెంట్‌కి మొత్తం, నికరం, టైపు అనే కాలమ్ కావాలి. టైపు కాలమ్ కత్తిరించుకుపోయి ఉంటే ఫోన్ అడ్డంగా తిప్పి మళ్లీ తీయమనండి. ఒక వరుస పేమెంటా, రిఫండా అనేది ఆ కాలమ్ చూస్తేనే తెలుస్తుంది.

సాయంకాలం_పద్దు
మళ్లీ తెప్పించాను.

ఆర్డర్లు: 1041 – 1,250. 1042 – 840 (ఉదయం 10:15). 1043 – 2,100. 1044 – 840 (మధ్యాహ్నం 12:40). 1045 – 560. 1046 – 1,500. 1047 – 840 (రాత్రి 8:05). 1048 – 990. 1049 – 3,200 (రాత్రి 11:52).

సెటిల్‌మెంట్ (14వ తేదీ), మొత్తం, దాని పక్కన నికరం: 1,250 – 1,220.50. 840 – 820.18. 2,100 – 2,050.44. 840 – 820.18. 560 – 546.78. 990 – 966.64. 1,100 – 1,074.04. చివరి వరుస 700, టైపు `refund`. ఇది మొదటి స్క్రీన్‌షాట్‌లో మామూలు పేమెంట్‌లాగే కనిపించింది.

నిలువు_లెక్క
చిక్కుముడి ఇక్కడే ఉంది. 9లోంచి 8 తీసేస్తే ఒకటి అనే లెక్క మిమ్మల్ని తప్పుదారి పట్టించింది. ఆ 8 వరుసల్లో రెండు అసలు ఈ 9 ఆర్డర్లవి కావు. ఒకటి 700 రిఫండ్, ఏదో పాత ఆర్డర్‌ది. రెండోది 1,100, ఆ మొత్తంతో మీ లిస్టులో ఆర్డరే లేదు. కాబట్టి ఈ రోజు ఆర్డర్లకు వచ్చిన పేమెంట్లు ఆరే, రానివి మూడు.

ముందు చేయాల్సిన పని, రిపోర్ట్‌ని దాంతోనే సరిచూడటం. నికరాలు ఏడూ కూడితే 7,498.76, అందులోంచి రిఫండ్ 700 తీసేస్తే 6,798.76. బ్యాంకులో పడింది పైసాతో సహా ఇదే. అంటే స్క్రీన్‌షాట్‌లో వరుస ఏదీ తెగిపోలేదు, టైపింగ్‌లో తప్పు లేదు. ఇది కలవకపోతే ఆర్డర్ల వైపు చూడనే కూడదు. కింద ఇంకో పేజీ ఉందేమో, 6ని 8గా చదివామేమో అన్నది ముందు తేలాలి.

ఇక VLOOKUP. 840 ఆర్డర్లు మూడున్నాయి, సెటిల్‌మెంట్‌లో 840లు రెండే ఉన్నాయి. VLOOKUP మూడింటికీ మొదటి 840నే చూపించి మూడూ దొరికాయంటుంది. మూడో మిస్సింగ్ దాక్కున్నది అక్కడే. మొత్తానికి వరుస సంఖ్య తగిలిస్తే బయటపడుతుంది:
```
C2: =B2&"#"&COUNTIF(B$2:B2,B2)
D2: =COUNTIF(S!C:C,C2)
```
C2 ఫార్ములా రెండు షీట్లలోనూ కిందికి లాగండి, D2 ఆర్డర్ల షీట్‌లో మాత్రమే. 840#1, 840#2, 840#3 అని వస్తాయి. మూడోదాని పక్కన 0 పడుతుంది. మధ్యలో `#` బదులు గీత పెడితే షీట్ దాన్ని తేదీ అనుకునే ప్రమాదం ఉంది. రిఫండ్ వరుసను ముందే తీసి పక్కన పెట్టండి, లేకపోతే ఎప్పుడైనా అదే మొత్తం ఉన్న ఆర్డర్‌తో జత కట్టేస్తుంది.

ఫార్ములా_మిత్ర
నిజమే, ఒకే మొత్తం రెండు మూడుసార్లు ఉంటే VLOOKUP సరిపోదు. అయితే ఇప్పుడు మిస్సింగ్ 1047 అని ఖాయమైనట్టే కదా? మూడో 840 అదే.

నిలువు_లెక్క
లేదండీ. మూడింటిలో ఒకటి రాలేదని మాత్రమే ఆ ఫార్ములా చెబుతుంది. లిస్టులో చివర ఉంది కాబట్టి 0 దాని పక్కన పడింది, అంతే. ఏదన్నది పేమెంట్ ఐడీ చూసిగానీ, సమయం చూసిగానీ తేల్చాలి. సెటిల్‌మెంట్‌లో ఆ రెండు 840 వరుసల సమయం ఎంతుంది?

సాయంకాలం_పద్దు
ఒకటి 10:16, ఇంకోటి 20:06. ఐడీ సగమే కనిపిస్తోంది, చివర చుక్కలున్నాయి.

నిలువు_లెక్క
అయితే 1042, 1047 వచ్చాయి, రానిది 1044. ఆర్డర్ పడిన సమయానికి, పేమెంట్ సమయానికి నిమిషమే తేడా ఉంది కాబట్టి రెండు గడియారాలూ ఒకే టైమ్ జోన్‌లో ఉన్నాయని కూడా తెలిసింది. కొన్ని రిపోర్ట్‌లు యూటీసీలో వస్తాయి. అప్పుడు ప్రతి వరుసా ఒకే గంటల తేడాతో జరిగి కనిపిస్తుంది, దాన్ని సరిచేశాకే పోల్చాలి.

ఇప్పుడు మీ 5,321.24 చూడండి. రాని మూడు ఆర్డర్లు 5,540. వచ్చిన ఆరింటి మీద ఫీజు, దాని మీద పన్ను కలిపి 155.28. రిఫండ్ 700. ఇవి కూడితే 6,395.28. అందులోంచి బయటి నుంచి వచ్చిన 1,074.04 తీసేయండి. 5,321.24 వస్తుంది. ఇన్ని ముక్కలు కలిసిన అంకెను రెండు ఆర్డర్ల కూడికతో పట్టుకోవాలంటే ఎప్పటికీ దొరకదు. అందుకే తేడాను వెంటాడకండి, వరుసకు వరుస జత పెట్టి, రెండు వైపులా మిగిలినవి చూడండి.

జమా_ఖర్చు
అసలు తప్పు పుస్తకాల్లో ఉందండీ. బ్యాంకులో పడిన నికరాన్ని అమ్మకంగా రాసేవాళ్లు ఎక్కువ. గేట్‌వే పేరుతో ఒక క్లియరింగ్ ఖాతా తెరవండి. ఆర్డర్ పూర్తి మొత్తం ఆ ఖాతాకు డెబిట్ చేయండి. సెటిల్‌మెంట్ వచ్చిన రోజు బ్యాంకుకు 6,798.76, ఫీజు పన్నులకు 181.24, రిఫండ్‌కు 700 వేసి, క్లియరింగ్ నుంచి 7,680 తగ్గించండి. ఆ ఖాతాలో మిగిలేది ఇంకా రాని డబ్బే. రోజూ ఇలా రాస్తే స్క్రీన్‌షాట్లు పక్కపక్కన పెట్టుకోవాల్సిన అవసరమే రాదు.

ఫార్ములా_మిత్ర
ఫీజు 155.28 అన్నారు కదా, 181.24 ఎక్కడిది?

జమా_ఖర్చు
ఆ 1,100 మీద 25.96 కూడా ఈ సెటిల్‌మెంట్‌లోనే కోశారు. 155.28 ఈ రోజు ఆర్డర్లది, 181.24 మొత్తం సెటిల్‌మెంట్‌ది. పుస్తకంలో రెండోదే రాయాలి.

నిలువు_లెక్క
పద్ధతి మంచిదే. కానీ 1044 ఎందుకు రాలేదో క్లియరింగ్ ఖాతా చెప్పదు, అది వెతకాల్సిందే.

ఇక మిగిలిన మూడు. 1049 రాత్రి 11:52కి పడింది. ఆ 1,100 ముందు రోజు రాత్రి ఆలస్యంగా వచ్చిన ఆర్డర్ అయ్యుండాలి, 11వ తేదీ లిస్టులో చూడండి. అక్కడుంటే, రాత్రి ఆలస్యంగా పడినవి గేట్‌వే లెక్కలో మర్నాటి బ్యాచ్‌కి వెళ్తున్నాయన్నమాట. అప్పుడు 3,200 తర్వాతి సెటిల్‌మెంట్‌లో ఉంటుంది. 1046 సంగతికి కొత్త_దుకాణం గారి మాట పనికొస్తుంది. ఆర్డర్ లిస్టులో చెల్లింపు విధానం కాలమ్ మీరు పెట్టలేదు. నగదు తీసుకునో, నేరుగా బ్యాంకులో వేయించుకునో చేత్తో మార్క్ చేసినా `Paid` అనే వస్తుంది, గేట్‌వేకి దానితో సంబంధమే ఉండదు.

నాకు అనుమానం ఉన్నది 1044 మీదే. గేట్‌వే లావాదేవీల పేజీలో ఆ పేమెంట్ స్టేటస్ చూడమనండి. `authorized` అని ఉంటే కస్టమర్ బ్యాంకు డబ్బు ఆపి ఉంచింది గానీ మీ వైపు నుంచి క్యాప్చర్ జరగలేదు. సైట్ కోడ్ ఆ దశలోనే ఆర్డర్‌ని `Paid` చేస్తుంటే ఇలాగే కనిపిస్తుంది. గడువులోపు క్యాప్చర్ చేయకపోతే ఆ డబ్బు కస్టమర్‌కే తిరిగి వెళ్తుంది, కాబట్టి సరుకు పంపేముందు చూడండి. `captured` అని ఉండి కూడా సెటిల్ కాకపోతే హోల్డ్‌లో పెట్టారా, వివాదం ఏదైనా ఉందా అని గేట్‌వే సపోర్ట్‌నే అడగాలి. అప్పుడు చుక్కలు లేని పూర్తి ఐడీ కావాలి. స్క్రీన్‌షాట్ నుంచి చూసి రాయకుండా కాపీ చేసి పంపమనండి, సున్నా, ఇంగ్లీషు `O` అక్షరం కలిసిపోతాయి.

సూటిగా
`authorized` ని మిస్సింగ్ అనకూడదు. పెండింగ్ అనాలి.

జమా_ఖర్చు
పుస్తకం దృష్టిలో పెండింగ్ కూడా కాదు. క్యాప్చర్ కానంతవరకు అది మీకు రావాల్సిన డబ్బే కాదు.

సూటిగా
ఆర్డర్ `Paid` అని చూపిస్తున్నప్పుడు రావాల్సిందే కదా.

జమా_ఖర్చు
అది సైట్ చూపించే తప్పు స్టేటస్. దాని ప్రకారం ఖాతా రాయరు.

సాయంకాలం_పద్దు
1,100 ఆర్డర్ 11వ తేదీ లిస్టులో ఉంది, రాత్రి 11:40. తర్వాతి సెటిల్‌మెంట్ స్క్రీన్‌షాట్‌లో 3,200 ఉంది. 1046 ఓనర్ గారు చేత్తో మార్క్ చేశారట. 1044 స్టేటస్ అడిగాను, ఇంకా పంపలేదు. సరుకు మాత్రం నిన్ననే వెళ్లిపోయిందట. థాంక్స్ అండీ.

కొత్త_దుకాణం
కొరియర్ రెమిటెన్స్‌కి కూడా ఆ `#` ఫార్ములా పనిచేస్తుందా?