ప్రస్తుత జీతం గడిలో ఏ అంకె రాయాలి?

హైదరాబాదులో సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ ఉద్యోగం చేస్తున్నాను. నియామక పత్రంలో సీటీసీ 9 లక్షలు. అందులో లక్ష పనితీరును బట్టి ఇచ్చేది. నిరుడు 60 వేలే వచ్చింది. యజమాని వాటా పీఎఫ్, గ్రాట్యుటీ కూడా సీటీసీలోనే కలిపారు కాబట్టి ఫారం 16లో సుమారు 8.2 లక్షలే కనిపిస్తుంది.

దరఖాస్తులో ‘ప్రస్తుత సీటీసీ’కి ఒకే గడి ఉంది, అంకెలు తప్ప ఏమీ తీసుకోదు. 9 అని రాస్తే, తర్వాత పత్రాలు చూసి అబద్ధమంటారేమోనని భయం. 8.2 రాస్తే నాకు నష్టం, పైగా అది సీటీసీ కాదు. 9 రాసి, విభజనను రెజ్యూమెతో పాటు పంపితే సరిపోతుందా?

ఆశించే జీతం సంగతి మరొకటి. స్థిర వేతనం ఇప్పుడు 8 లక్షలు, 10కి తగ్గితే మారను. గడిలో 10 రాస్తే దాన్నే మొత్తం సీటీసీ అనుకుంటారా? నియామకాల విభాగంలో పనిచేసినవారు చెప్పగలరా?