ఫ్రెంచ్‌లో థాంక్యూ కార్డు: చివరి మాట దగ్గర ఆగిపోయాను

లియోన్‌లో ఒక కుటుంబం ఇంట్లో 3 వారాలుండి మొన్ననే హైదరాబాద్ వచ్చాను. వాళ్లకి ఫ్రెంచ్‌లో కార్డు రాశాను. ఆంటీ రెండో రోజే తనని ‘తు’, అంటే ‘నువ్వు’ అనమన్నారు, కానీ కార్డు ఇద్దరికీ కాబట్టి ‘వూ’, అంటే ‘మీరు’ అనే రాశాను. ఆవిడ పక్కన నిలబడి బంగాళాదుంపలు పల్చగా తరిగి గ్రాతాఁ అనే వంటకం చేయడం నేర్చుకున్న సంగతీ పెట్టాను.

ముగింపే కుదరట్లేదు. ‘కోర్దియాల్మాఁ’ అని పెడితే ఆఫీసు మెయిల్‌లా ఉంది. ‘అమికాల్మాఁ’ కొంచెం నయం, అయినా దూరంగానే అనిపిస్తోంది. ‘జ వూజాఁబ్రాస్’ మనసుకి నచ్చింది గానీ, డిక్షనరీలో ఆ క్రియకి ‘ముద్దు పెట్టుకోవడం’ అని ఉంది. బయల్దేరేటప్పుడు ఇద్దరూ బుగ్గకి బుగ్గ ఆనించి ‘బీజ్’ ఇచ్చారు.

శనివారం పోస్టు చేయాలి. ఫ్రాన్స్‌లో ఉన్నవాళ్లు చెప్పండి: 20 ఏళ్ల అమ్మాయి ఆంటీకీ అంకుల్‌కీ కలిపి ‘జ వూజాఁబ్రాస్’ అని రాస్తే సహజంగా ఉంటుందా?